ఆర్డర్ రెట్టింపయ్యాక యూనిట్ ఎందుకు మూతపడుతుంది?

చిన్న తయారీ యూనిట్ల లెక్కలు రాయడం, వాటి బ్యాంకు కాగితాలు సిద్ధం చేయడం నా వృత్తి. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామిక వాడల్లో పెద్ద కంపెనీలకు విడిభాగాలు చేసి ఇచ్చే యూనిట్ల పుస్తకాలు చూసే కొద్దీ నాకొక అభిప్రాయం బలపడింది. పని లేక మూతపడిన యూనిట్ల కష్టం ముందే కనిపిస్తుంది, యజమాని కూడా దానికి మానసికంగా సిద్ధపడతాడు. పని బాగా దొరికి, లాభం పెరిగి, అదే కారణంగా మూతపడిన యూనిట్ల కష్టం మాత్రం చివరి నెల వరకు ఎవరికీ కనిపించదు. ఆ యజమానులు తప్పు ధరకు ఒప్పుకున్నవాళ్లు కారు, దుబారా చేసినవాళ్లూ కారు. వాళ్ల లాభనష్టాల పట్టిక చివరి వరకు ఆరోగ్యంగానే ఉంటుంది. బజారులో దీన్ని ‘రొటేషన్ ఆగిపోయింది’ అని ఒక్క మాటలో చెప్పి వదిలేస్తారు. ఆ రొటేషన్ ఎక్కడ, ఏ నెలలో, ఎంత మొత్తం దగ్గర ఆగిపోతుందో ఆర్డర్ ఒప్పుకోకముందే కాగితం మీద లెక్క కట్టవచ్చని, అలా లెక్క కట్టకుండా పెద్ద ఆర్డర్ ఒప్పుకోకూడదని నా వాదన.

ముందుగా మూలంలో ఉన్న తేడా చెప్పుకోవాలి. సరుకు పంపి బిల్లు వేసిన రోజునే పుస్తకాల్లో అమ్మకం నమోదవుతుంది. ఆ సరుకు తయారీకి అయిన ఖర్చును అందులోంచి తీసివేస్తే మిగిలేది లాభం. కొనుగోలుదారు డబ్బు ఎప్పుడు ఇచ్చాడన్న ప్రశ్నకు ఈ లెక్కలో చోటు లేదు. మొన్న బిల్లు వేసి నిన్న డబ్బు అందుకున్న యూనిట్, అదే బిల్లు వేసి నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్న యూనిట్, రెండూ ఒకే లాభం చూపిస్తాయి. ఇది లెక్కల పద్ధతిలోని లోపం కాదు. ఒక కాలంలో చేసిన పని గిట్టుబాటు అయిందా లేదా అని తేల్చడానికి లాభం పుట్టింది, ఆ పని అది చక్కగా చేస్తుంది. వచ్చే ఏడో తారీఖున జీతాలు ఇవ్వగలమా అన్న ప్రశ్నకు జవాబు దానిలో వెతకడమే పొరపాటు.

అంకెలతో చూస్తే తప్ప ఇది ఒంటికి పట్టదు కాబట్టి ఒక యూనిట్‌ను ఊహిద్దాం. ఇది నిజంగా ఉన్న ఏ ఒక్క యూనిటూ కాదు, కానీ ఇందులోని నిష్పత్తులు ఈ రంగంలో ఎవరికీ వింతగా అనిపించవు. ఉక్కు కడ్డీలు కొని, లేత్‌ల మీద, మిల్లింగ్ యంత్రాల మీద భాగాలు తయారుచేసే యూనిట్ ఇది. నెలకు 20 లక్షల రూపాయల అమ్మకం ఉంది. అందులో ఉక్కుకు 11 లక్షలు, కూలీ, కరెంటు, బయట చేయించే జాబ్ వర్క్ కలిపి 6 లక్షలు, అద్దె, ఆఫీసు, బ్యాంకు వడ్డీ కలిపి లక్ష అవుతాయి. నెలకు 2 లక్షల లాభం మిగులుతుంది. ఉక్కు వ్యాపారి చిన్నవాళ్లకు ఉద్దర ఇవ్వడు కాబట్టి దాన్ని నగదుకే కొనాలి, పైగా పని ఆగకుండా ఒక నెల ముందే తెచ్చి పెట్టుకోవాలి. కొనుగోలుదారులు మాత్రం బిల్లు వేసిన 90 రోజులకు డబ్బు ఇస్తారు. కొనుగోలు మీదా అమ్మకం మీదా 18 శాతం జీఎస్‌టీ ఉందనుకుందాం.

అమ్మకం ఏ ఎదుగుదలా లేకుండా ఇలాగే సాగినంత కాలం ఏ ఇబ్బందీ లేదు. మూడు నెలల కిందటి బిల్లుకు ఈ నెల జీఎస్‌టీతో కలిపి 23.6 లక్షలు వస్తాయి. ఉక్కుకు జీఎస్‌టీతో 12.98 లక్షలు, కూలీ వగైరాకు 6 లక్షలు, స్థిర ఖర్చులకు లక్ష, అమ్మకం మీది పన్నులోంచి ఉక్కు మీద కట్టిన పన్ను తీసేశాక ప్రభుత్వానికి కట్టాల్సిన నికర జీఎస్‌టీ 1.62 లక్షలు పోతాయి. మొత్తం ఖర్చు 21.6 లక్షలు, చేతిలో మిగిలేది సరిగ్గా 2 లక్షలు. అంటే ఎదుగుదల లేని వ్యాపారంలో లాభమూ నగదూ ఒకటే. అందుకే ఏళ్ల తరబడి ఒకే స్థాయిలో నడిపిన యజమానికి ఈ రెండూ వేరని అనుభవంలోకి రాదు. అతని అనుభవం అతనికి అబద్ధం చెప్పలేదు, కానీ ఆ అనుభవం పనికొచ్చేది ఆ స్థాయిలో ఉన్నంత వరకే.

ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ నుంచి ఏప్రిల్ నుంచి నెలకు మరో 20 లక్షల పర్చేజ్ ఆర్డర్ వచ్చిందనుకుందాం. ధర అదే, గడువు అదే 90 రోజులు. ఉక్కు ఖర్చు 22 లక్షలకు, కూలీ వగైరా 12 లక్షలకు పెరుగుతాయి. స్థిర ఖర్చు అదే లక్ష. లాభం నెలకు 2 లక్షల నుంచి 5 లక్షలకు చేరుతుంది. అమ్మకం రెట్టింపైతే లాభం రెండున్నర రెట్లయింది. ఈ అంకె చూశాక ఆర్డర్ వద్దనమని సలహా ఇచ్చే ధైర్యం ఎవరికి ఉంటుంది? బ్యాంకులో 10 లక్షల నిల్వ ఉంది, సీసీ ఖాతాలో, అంటే బ్యాంకు ఇచ్చిన క్యాష్ క్రెడిట్ అప్పు ఖాతాలో, వాడని లిమిట్ ఇంకో 30 లక్షలు ఉంది. మొత్తం 40 లక్షల అండ. యజమాని ధైర్యంగా సంతకం చేస్తాడు.

మొదటి దెబ్బ ఆర్డర్ మొదలు కాకముందే, మార్చిలోనే పడుతుంది. ఏప్రిల్ పని కోసం ఉక్కును రెట్టింపు కొనాలి కాబట్టి 25.96 లక్షలు ఒక్క ఉక్కుకే పోతాయి. పాత బిల్లుల నుంచి వచ్చేది 23.6 లక్షలే. మిగిలిన ఖర్చులన్నీ కలుపుకుంటే మార్చిలో 10.98 లక్షలు తగ్గుతాయి. ఏప్రిల్‌లో కొత్త కూలీల ఖర్చు చేరుతుంది, వచ్చేది జనవరి బిల్లు తాలూకు అదే 23.6 లక్షలు. మార్చిలో ఉక్కు మీద కట్టిన పన్ను అమ్మకం మీది పన్నును మించింది కాబట్టి ఈ నెల జీఎస్‌టీ కట్టనక్కర్లేదు, అయినా ఆ నెల మరో 15.36 లక్షలు తగ్గుతాయి. మే నెలలో ఏప్రిల్ అమ్మకం మీద జీఎస్‌టీ కూడా కట్టాలి. ఆ అమ్మకం తాలూకు ఒక్క రూపాయి ఇంకా రాలేదు. ఆ నెల తగ్గేది 18.24 లక్షలు. జూన్‌లో 18.6 లక్షలు. జూలైలో ఏప్రిల్ బిల్లు డబ్బు 47.2 లక్షలు వచ్చాక గాని పరిస్థితి తిరగబడదు. అప్పటి నుంచి నెలకు చక్కగా 5 లక్షలు మిగులుతాయి.

మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలల్లో పుస్తకాలు చూపే లాభం 17 లక్షలు. అదే నాలుగు నెలల్లో ఖాతాలోంచి వెళ్లిపోయింది 63.18 లక్షలు. అండగా ఉన్న 40 లక్షలు మే నెల ముగియకముందే అయిపోయి, ఇంకా 4.58 లక్షలు తక్కువ పడతాయి. వాడిన లిమిట్ మీద పెరిగే వడ్డీని లెక్క తేలిక కోసం నేను వదిలేశాను, దాన్ని కలిపితే లోటు మరికొంత పెరుగుతుంది. ఈ యూనిట్ తన చరిత్రలో అత్యధిక లాభం చూపుతున్న నెలల్లో జీతాలకు డబ్బు లేని స్థితికి వచ్చింది.

లాభానికీ నగదుకూ మధ్య తేడా 80.18 లక్షలు. ఇది ఎక్కడికీ పోలేదు, ఎవరూ ఎత్తుకుపోలేదు. రావలసిన బాకీలు 70.8 లక్షల నుంచి 141.6 లక్షలకు పెరిగాయి, అంటే 70.8 లక్షలు అక్కడ చిక్కుకున్నాయి. గోదాములో ఉక్కు నిల్వ 11 లక్షల నుంచి 22 లక్షలకు పెరిగింది. ప్రభుత్వానికి కట్టాల్సిన జీఎస్‌టీ బాకీ 1.62 లక్షలు పెరగడం వల్ల ఆ మేరకు కొంచెం ఊరట దొరికింది. 70.8, 11 కలిపి అందులోంచి 1.62 తీసేస్తే వచ్చేది సరిగ్గా 80.18. ఈ మూడు అంకెలూ ఆస్తి అప్పుల పట్టికలో ఎవరికైనా కనిపించేవే. కానీ మన దగ్గర చాలా మంది యజమానులు లాభనష్టాల పట్టిక చివరి గీత చూసి కాగితం మూసేస్తారు. ఆస్తి అప్పుల పట్టికను బ్యాంకుకోసం, ఆదాయపు పన్ను శాఖ కోసం తయారయ్యే కాగితంగానే భావిస్తారు. ఈ అలవాటు నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ప్రమాదం మొత్తం ఆ రెండో కాగితంలోనే ఉంది.

జీఎస్‌టీ గురించి విడిగా చెప్పాలి. సరుకు అమ్మేవారికి పన్ను బాధ్యత బిల్లుతో పుడుతుంది, వసూలుతో కాదు. నెలవారీ రిటర్న్ వేసే యూనిట్ ఏప్రిల్ బిల్లుల పన్నును మే 20 నాటికి కట్టాలి. కొనుగోలుదారు ఇచ్చేది జూలైలో. ఈ మధ్య కాలమంతా కొనుగోలుదారు తరఫున పన్ను డబ్బు పెట్టుబడి పెట్టేది మన చిన్న యూనిటే. లాభనష్టాల పట్టికలో జీఎస్‌టీ అసలు కనిపించదు. అది మన ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు. అయినా పై లెక్కలో బాకీలుగా చిక్కుకున్న 70.8 లక్షల్లో 10.8 లక్షలు జీఎస్‌టీయే. లాభంతో ఏ సంబంధమూ లేని మొత్తం నగదును ఎలా మింగగలదో దీనికంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

మే నెలలో డబ్బు తక్కువ పడిన యజమాని ఏం చేస్తాడో కూడా చూద్దాం, ఎందుకంటే అక్కడ తీసుకునే నిర్ణయమే తరచుగా యూనిట్‌ను ముంచుతుంది. కూలీలకు ఇవ్వకపోతే మరునాడు మనుషులు రారు. ఉక్కు వ్యాపారికి ఇవ్వకపోతే లారీ రాదు. గట్టిగా అడగడానికి గుమ్మం ముందుకు ఎవరూ రాని బాకీ జీఎస్‌టీ ఒక్కటే, కాబట్టి దాన్ని వచ్చే నెలకు వాయిదా వేస్తాడు. ఆలస్యమైన పన్ను మీద ఏడాదికి 18 శాతం వడ్డీ పడుతుంది, అది అసలు సమస్య కాదు. పన్ను కట్టకుండా నెలవారీ రిటర్న్ జీఎస్‌టీఆర్-3బి వేయలేం, అది వేయకపోతే అమ్మకం బిల్లుల వివరాలు చూపే జీఎస్‌టీఆర్-1ను తర్వాతి నెల వేయడానికి వీలుండదు. జీఎస్‌టీఆర్-1 వేయకపోతే మన బిల్లులు కొనుగోలుదారుకు రావాల్సిన పన్ను క్రెడిట్ చూపే జీఎస్‌టీఆర్-2బిలో కనిపించవు. కనిపించని బిల్లు మీద అతనికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు కాబట్టి అతని అకౌంట్స్ విభాగం మన చెల్లింపును ఆపేస్తుంది. రెండు వరుస కాలాల రిటర్న్‌లు ఆగితే ఈ-వే బిల్లు తీయడానికి కూడా వీలుండదు, తయారైన సరుకు గేటు దాటదు. 3 లక్షల రూపాయల పన్నును ఒక నెల ఆపి సర్దుకుందామనుకున్నవాడికి 47 లక్షల వసూలు ఆగిపోతుంది. అందుకే డబ్బు తక్కువ పడిన నెలలో ఆఖరుకు ఆపాల్సిన చెల్లింపు జీఎస్‌టీయేనని, ముందుగా ఆపడం ఎంతమాత్రం తగదని నేను గట్టిగా చెబుతాను. మిగతా బాకీదారులతో మాట్లాడి గడువు అడగవచ్చు. ఈ వ్యవస్థతో మాట్లాడడానికి మనిషి ఉండడు.

రెండో దెబ్బ బ్యాంకు వైపు నుంచి వస్తుంది. మంజూరైన లిమిట్ అంతా ఎప్పుడూ వాడుకోవచ్చని యజమానులు అనుకుంటారు. నిజానికి ప్రతి నెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్ ఆధారంగా బ్యాంకు డ్రాయింగ్ పవర్ లెక్క కడుతుంది. నిల్వ సరుకు, రావలసిన బాకీల విలువలోంచి మార్జిన్ తీసేసి, సరుకు అమ్మినవారికి మనం ఇవ్వాల్సింది కూడా తగ్గించి, మిగిలినంత మేరకే, అదీ మంజూరైన లిమిట్‌కు లోబడే, డబ్బు తీసుకోనిస్తుంది. సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను ఈ లెక్కలోకి తీసుకోరు. ఇక్కడ ఉన్న ఉచ్చును గమనించండి. కొత్త కొనుగోలుదారు ఏప్రిల్ బిల్లు తాలూకు 23.6 లక్షలు జూలైలో ఇవ్వకుండా ఒక నెల జాప్యం చేశాడనుకుందాం. ఆ డబ్బు రాకపోవడం ఒక నష్టం. ఆ బాకీ 90 రోజులు దాటింది కాబట్టి డ్రాయింగ్ పవర్ లెక్కలోంచి కూడా జారిపోతుంది. 25 శాతం మార్జిన్ అనుకుంటే ఆ ఒక్క బిల్లు వల్ల తగ్గే ఆధారం 17.7 లక్షలు. మనకు డబ్బు అత్యవసరమైన ఆ నెలలోనే, అదే కారణంతో, బ్యాంకు చేయి కూడా వెనక్కి పోతుంది. ఇందులో బ్యాంకు మేనేజరు దుర్మార్గం ఏమీ లేదు. నియమం ఎలా రాసి ఉందో అలా పనిచేస్తోంది. మనం ఆ నియమాన్ని ముందుగా తెలుసుకుని, గడువుకూ 90 రోజులకూ మధ్య ఖాళీ లేని ఆర్డర్ ఎంత ప్రమాదమో గుర్తించాలి.

ఇది చిన్నవాళ్లకే పరిమితమైన జబ్బు కాదు. అమెరికాలో డబ్ల్యూ.టి. గ్రాంట్ అనే దుకాణాల సంస్థ ఉండేది. 1906లో మొదలై, వెయ్యికి పైగా దుకాణాలతో దేశమంతా విస్తరించింది. 1970ల మొదట్లో కూడా అది లాభాలు చూపింది, వాటాదారులకు డివిడెండ్లు పంచింది, 1975 అక్టోబరులో దివాలా రక్షణ కోరింది, మరుసటి ఏడాది దాని దుకాణాలన్నీ మూతపడ్డాయి. తర్వాత 1980లో దాని పద్దులను మళ్లీ విశ్లేషించిన లార్గే, స్టిక్నీ అనే ఇద్దరు పరిశోధకులు తేల్చింది ఏమిటంటే, లాభాలు కనిపించిన ఏళ్లలో కూడా అసలు వ్యాపారం నుంచి నగదు లోపలికి రావడం లేదు. కొత్త దుకాణాల్లో పేరుకున్న సరుకు, ఖాతాదారులకు ఉదారంగా ఇచ్చిన అప్పు ఆ నగదును తినేశాయి, ఆ లోటును బయటి అప్పుతో పూడ్చుకుంటూ వచ్చారు. లాభం, వాటా ధర చూసినవారికి ఆ సంగతి తట్టలేదు. మన యూనిట్‌లో ఉక్కు, బాకీలు చేసిన పనే అక్కడ వేయి దుకాణాల స్థాయిలో జరిగింది. అమెరికాలో నగదు ప్రవాహాల పట్టికను ఇప్పుడున్న రూపంలో తప్పనిసరి చేసిన ప్రమాణం 1987లో వచ్చింది.

మన దేశంలో ఈ పట్టిక విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. 2013 కంపెనీల చట్టం ప్రకారం కంపెనీ ఆర్థిక నివేదికల్లో నగదు ప్రవాహాల పట్టిక భాగమే. కానీ అదే చట్టం ఏకవ్యక్తి కంపెనీలకు, చిన్న కంపెనీలకు, నిద్రాణ కంపెనీలకు దాన్ని చేర్చకపోయినా ఫర్వాలేదని మినహాయింపు ఇచ్చింది. భాగస్వామ్య సంస్థలకు, సొంత పేరు మీద నడిచే యూనిట్లకు ఆ చట్టమే వర్తించదు. భారం తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం మాత్రం ఏమిటంటే, వెనక పెద్ద మూలధనమున్న, అప్పు సులువుగా దొరికే కంపెనీలు ఆ పట్టిక తయారుచేస్తున్నాయి. ఒక్క బిల్లు ఆలస్యమైతే కూలీలకు జవాబు చెప్పుకోలేని యూనిట్లు తయారుచేయడం లేదు. చట్టం అడగదు కాబట్టి అకౌంటెంట్ చేయడు, అకౌంటెంట్ చేయడు కాబట్టి యజమాని దాని పేరే వినడు. ఇది చట్టం మార్చాల్సిన అవసరం ఉన్న విషయమో కాదో నేను తేల్చలేను గాని, నా వృత్తిలో ఉన్నవారు అడగకపోయినా తయారుచేసి ఇవ్వాల్సిన కాగితం ఇదేనని మాత్రం నమ్ముతాను. పైన చేసినట్టు లాభం దగ్గర మొదలుపెట్టి, బాకీలు, నిల్వలు, ఇవ్వాల్సినవి ఎంత మారాయో సర్దితే చాలు, ఒక పేజీ దాటదు.

చెల్లింపుల ఆలస్యం మీద చట్టాలు ఏమీ లేవని కాదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజుల్లోగా చెల్లించాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా, చెల్లించాలి. అంటే మన ఉదాహరణలోని 90 రోజుల గడువే చట్టానికి విరుద్ధం. అయినా అది బజారులో మామూలు గడువు. ఎందుకంటే ఆ వడ్డీ అడగాల్సింది చిన్న యూనిటే, అడిగిన యూనిట్‌కు తర్వాతి ఆర్డర్ వస్తుందన్న నమ్మకం లేదు. ఫిర్యాదు చేసేందుకు ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉన్నా, వ్యాపార సంబంధం ఎలాగూ తెగిపోయిందని తేలాక గాని యజమానులు అటు చూడరని నా అనుభవం. 2023 ఆర్థిక చట్టం ఈ బలహీనతను గుర్తించి, భారాన్ని కొనుగోలుదారు పన్ను లెక్కలోకి మార్చింది. గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోనివ్వదు, నిజంగా చెల్లించిన ఏడాదిలోనే చూపుకోవాలి. ఇది మంచి ఆలోచన. కానీ దాని ఒత్తిడి మార్చి నెలాఖరులో పనిచేస్తుంది. ఏప్రిల్ బిల్లును డిసెంబరులో చెల్లించినవాడికి దీనివల్ల ఏ నష్టమూ లేదు, మన యూనిట్ పడిపోయింది మే నెలలో.

ట్రెడ్స్ వేదికలు ఇంతకంటే ఉపయోగకరమని నా అంచనా. రిజర్వ్ బ్యాంకు అనుమతితో నడిచే ఈ వేదికల మీద మన బిల్లును కొనుగోలుదారు ఆమోదిస్తే, బ్యాంకులు దాన్ని వేలంలో తగ్గింపు ధరకు కొని మనకు వెంటనే డబ్బు ఇస్తాయి, గడువు నాడు కొనుగోలుదారు నుంచి వసూలు చేసుకుంటాయి. అతను ఎగ్గొట్టినా మన మీదికి తిరిగి రాకపోవడం దీనిలో గొప్ప వెసులుబాటు. 250 కోట్ల రూపాయలకు పైగా టర్నోవర్ ఉన్న కంపెనీలు వీటిలో నమోదు కావాలని ప్రభుత్వం ఆదేశించింది కూడా. అయితే నమోదు కావడం వేరు, ప్రతి బిల్లునూ ఆమోదించడం వేరు. ఆమోదం కొనుగోలుదారు చేతిలోనే ఉంది. కాబట్టి ఆర్డర్ చర్చల్లో ధర మాట్లాడేటప్పుడే, మీరు ట్రెడ్స్‌లో బిల్లులు ఆమోదిస్తారా, సరుకు అందిన ఎన్ని రోజుల్లో ఆమోదిస్తారు అని అడిగి రాయించుకోవాలి. ఆర్డర్ సంతకమయ్యాక ఆ ప్రశ్నకు బలం ఉండదు.

మరి ఆ యజమాని ఏం చేసి ఉండాల్సింది? పై లెక్కలోంచే ఒక సూత్రం వస్తుంది. ఈ యూనిట్‌కు నెలవారీ అమ్మకం ఒక లక్ష పెరిగితే, బాకీల్లో 3.54 లక్షలు, నిల్వలో 55 వేలు చిక్కుకుంటాయి. జీఎస్‌టీ గడువు వల్ల, మధ్యలో వచ్చే అదనపు లాభం వల్ల అందులో అర లక్షకు పైగా తిరిగి వస్తుంది. నికరంగా లక్ష అమ్మకం పెరుగుదలకు సుమారు 3.56 లక్షల నగదు కావాలి. పాత వ్యాపారం ఆ నాలుగు నెలల్లో ఇచ్చే 8 లక్షలు, చేతిలో ఉన్న 40 లక్షలు కలిపితే 48 లక్షలు. దాన్ని 3.56తో భాగిస్తే వచ్చేది పదమూడున్నర లక్షలు. ఆ యూనిట్ ఏ ఒక్క బిల్లూ ఆలస్యం కాదన్న నమ్మకంతో మోయగలిగిన గరిష్ఠ పెరుగుదల అది. ఒప్పుకున్నది 20 లక్షలు. అందులో సగం, అంటే నెలకు 10 లక్షలు మాత్రమే మొదటి నాలుగు నెలలు చేస్తామని చెప్పి ఉంటే, అతి కష్టమైన నెలాఖరులో కూడా 12 లక్షలకు పైగా చేతిలో ఉండేవి. ఒక చిన్న జాప్యాన్ని తట్టుకునే బలం అది. ఆ తర్వాత మిగతా సగానికి కూడా ఇదే లెక్క మళ్లీ కట్టి, అండ సరిపోతుందని తేలాకే ఒప్పుకోవాలి.

సగం ఆర్డర్‌కు కొనుగోలుదారు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు ధర దగ్గర వదులుకుని గడువు దగ్గర పట్టుబట్టమని నా సలహా. ఈ సలహాను యజమానులు సులువుగా ఒప్పుకోరు, ఎందుకంటే ధర తగ్గిస్తే లాభం తగ్గడం వెంటనే కనిపిస్తుంది. అయినా లెక్క చూడండి. కొత్త ఆర్డర్ మీద 2 శాతం తగ్గించి, 30 రోజుల్లో చెల్లింపు అడిగితే, నెల లాభం 5 లక్షల నుంచి 4.6 లక్షలకు తగ్గుతుంది. కానీ ఏప్రిల్ బిల్లు డబ్బు మేలోనే వస్తుంది కాబట్టి లోటు ఏప్రిల్ చివరన 26.34 లక్షల దగ్గరే ఆగిపోతుంది, ఆపై పెరగదు. 63 లక్షల అవసరం 26 లక్షలకు దిగింది, దానికి చెల్లించిన మూల్యం నెలకు 40 వేలు. రెండు నెలలు ముందు డబ్బు అందుకోవడానికి 2 శాతం అంటే ఏడాదికి సుమారు 12 శాతం వడ్డీతో సమానం. చేబదులు తెచ్చుకునే చోట అడిగే వడ్డీతో పోల్చి చూస్తే ఇది చాలా తక్కువ.

విడిభాగాల రంగంలో ఇంకో పాత మార్గం ఉంది, దాన్ని నేటి యజమానులు చిన్నతనంగా చూస్తున్నారని నాకనిపిస్తుంది. ఉక్కు మీరే ఇవ్వండి, మేము కూలీ చార్జీకి చేసిస్తాం అని చెప్పడం. అప్పుడు అమ్మకం 20 లక్షల బదులు 9 లక్షలుగానే పుస్తకాల్లో కనిపిస్తుంది, టర్నోవర్ చిన్నదిగా తోస్తుంది. ఉక్కు మీద వేసుకునే కాస్త లాభం కూడా పోవచ్చు. కానీ మార్చి నెలలో పెట్టాల్సిన ఆ 13 లక్షల అదనపు ఉక్కు డబ్బు అసలు అవసరమే ఉండదు, బాకీగా చిక్కుకునే మొత్తం కూడా సగానికంటే తగ్గుతుంది. బ్యాంకు లిమిట్ టర్నోవర్‌ను బట్టి ఇస్తుంది కదా, టర్నోవర్ తగ్గితే లిమిట్ తగ్గదా అని అడుగుతారు. తగ్గవచ్చు. అయితే అంతకంటే ఎక్కువగా లిమిట్ అవసరమే తగ్గుతుంది.

ఇంత చెప్పాక కూడా ఒక మినహాయింపు ఒప్పుకోవాలి. నగదుకు అమ్మి, అరువుకు కొనే వ్యాపారాలు ఉన్నాయి. పెద్ద సూపర్ మార్కెట్ ఇవాళ అమ్మిన సబ్బుకు ఇవాళే డబ్బు తీసుకుని, సబ్బు కంపెనీకి కొన్ని వారాల తర్వాత చెల్లిస్తుంది. అక్కడ ఎదుగుదల నగదును మింగదు, పైగా తెచ్చిపెడుతుంది. లాభం లేకపోయినా విస్తరిస్తున్నంత కాలం చేతిలో డబ్బు ఆడుతూనే ఉంటుంది. వాళ్ల కష్టం అమ్మకాలు తగ్గినప్పుడు బయటపడుతుంది, పాత బాకీలు చెల్లించాల్సి ఉంటుంది, కొత్త డబ్బు తక్కువ వస్తుంది. కాబట్టి నగదు ఉన్నంత మాత్రాన వ్యాపారం బాగుందని అనుకోవడం కూడా అంతే పొరపాటు.

తయారీ యూనిట్ నడిపేవారికి నేను చెప్పే పద్ధతి చాలా సాదాది. ఒక కాగితం మీద రాబోయే పదమూడు వారాలకు పదమూడు నిలువు గళ్లు గీయాలి. ప్రతి గడిలో ఆ వారం నిజంగా వస్తుందని నమ్మే వసూళ్లు రాయాలి. కొనుగోలుదారు ఒప్పుకున్న తారీఖు కాదు, గత మూడు బిల్లులకు అతను నిజంగా చెల్లించిన తారీఖుల తీరు చూసి రాయాలి. దాని కింద ఉక్కు, జీతాలు, పీఎఫ్, జీఎస్‌టీ, కరెంటు బిల్లు, యంత్రం రుణం వాయిదా రాయాలి. వాయిదాలో అసలు భాగం లాభనష్టాల పట్టికలో ఎక్కడా ఉండదు కాబట్టి దాన్ని మరిచిపోవడం సులువు. జూన్ 15న కట్టాల్సిన ముందస్తు ఆదాయపు పన్ను మొదటి వాయిదా కూడా అలాంటిదే, చేతికి రాని లాభం మీద కూడా అది పడుతుంది. చివరి వరసలో వారం ముగిసేనాటికి మిగిలే నిల్వను, వాడని డ్రాయింగ్ పవర్‌తో కలిపి రాయాలి. ప్రతి సోమవారం ఒక వారం కొట్టేసి, చివర కొత్త వారం చేర్చాలి. ఏ గడిలోనైనా ఆ అంకె సున్నా కిందికి పోతే, అది తొమ్మిది, పది వారాల ముందే కనిపిస్తుంది. కొనుగోలుదారుతో, బ్యాంకుతో, ఉక్కు వ్యాపారితో మాట్లాడడానికి అంత వ్యవధి సరిపోతుంది.

కొత్త ఆర్డర్ వచ్చినప్పుడు అదే కాగితాన్ని, ఆ ఆర్డర్ మొదటి వసూలు దాటి ఒక నెల దాకా వారాలు పొడిగించి, రెండోసారి, ఆర్డర్ ఉన్నట్టు రాయాలి. ఆ తర్వాత మూడోసారి, ఆ కొనుగోలుదారు ఒక నెల ఆలస్యం చేసినట్టు, 90 రోజులు దాటిన బిల్లును డ్రాయింగ్ పవర్‌లోంచి తీసేసి రాయాలి. ఈ మూడో కాగితం కూడా సున్నా కిందికి పోకపోతే ఆర్డర్ తీసుకోవచ్చు. పోతే, పరిమాణమో, గడువో, ముందస్తు చెల్లింపో, ఉక్కు ఎవరు తేవాలన్న సంగతో, వీటిలో ఏదో ఒకటి మారేదాకా సంతకం పెట్టకూడదు.